ముందు గూడు చూడండి

అమెరికాలో సియాటిల్‌కు ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని బ్లెయిన్ అనే చిన్న ఊరుంది. 2019 డిసెంబరులో అక్కడ ఒక పెద్ద కందిరీగ చచ్చి దొరికింది. పరీక్షిస్తే అది ఆసియా ఖండం నుంచి ఎలాగో సముద్రం దాటి వచ్చిన రాక్షస కందిరీగ అని తేలింది. ప్రపంచంలోని కందిరీగలన్నింటిలోకీ భారీ హార్నెట్ అదే. ఒక గుంపు వచ్చి పడితే తేనెటీగల పెట్టెను కొన్ని గంటల్లో తుడిచిపెట్టేస్తుంది. వాషింగ్టన్ రాష్ట్ర వ్యవసాయ శాఖ కంగారుపడి, అలాంటిది కనిపిస్తే ఫొటో తీసి పంపమని జనాన్ని కోరింది. ఫొటోలు వెల్లువెత్తాయి. ఒక దశలో లెక్క చూస్తే, అందిన 4,400కు పైగా సమాచారాల్లో నిజంగా ఆ కందిరీగవేనని తేలినవి 14 మాత్రమే. మిగతావాటిలో బోలెడన్ని వేరే కందిరీగలు, తేనెటీగలు, మామూలు ఈగలు. ఇంకెన్నింటినో ఫొటో లేకనో, ఉన్న ఫొటో మసకగా ఉండో అవునని గాని కాదని గాని తేల్చనే లేకపోయారు.

ఆ శ్రమ వృథా కాలేదు. 2020 అక్టోబరులో బ్లెయిన్ దగ్గరే, పట్టుకున్న కందిరీగకు చిన్న రేడియో పరికరం కట్టి వదిలి, దాని వెంట వెళ్ళి చెట్టు తొర్రలోని గూటిని పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఇంకో మూడు గూళ్ళు దొరికాయి. 2024 డిసెంబరులో ఈ కందిరీగను అమెరికా నుంచి పూర్తిగా తొలగించామని ప్రభుత్వం ప్రకటించింది. వాషింగ్టన్‌లో నిర్ధారణ అయినవాటిలో సగం జనం చెప్పగా తెలిసినవే.

అన్ని వేలమంది ఎందుకు పొరబడ్డారు? అందరూ పురుగును దగ్గరగా ఫొటో తీశారు. పక్కన కొలతకు ఆనవాలు లేకపోతే ఫొటోలో అర అంగుళం పురుగూ రెండంగుళాల పురుగూ ఒకేలా కనిపిస్తాయి. పసుపు, నలుపు చారలు వందల రకాలకు ఉంటాయి. పురుగును చూసి పేరు చెప్పడం నిపుణులకే కష్టం. దాని గూడు మాత్రం ఇంత మోసం చేయదు. ఏ పదార్థంతో కట్టింది, ఎక్కడ కట్టింది, అరలు బయటికి కనిపిస్తున్నాయా లేదా అన్నవి మసక ఫొటోలో కూడా తెలుస్తాయి. మనకు ప్రమాదం కూడా దాదాపు ఎప్పుడూ గూటి దగ్గరే. పూల మీద వాలిన తేనెటీగకు, పంపు దగ్గర నీళ్ళు తాగే కందిరీగకు మనతో పని లేదు. చేతిలో నలిపితేనో, కాలికింద పడితేనో తప్ప అవి కుట్టవు. అదే ఈగ తన గూటి ముందు వేరేలా ప్రవర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ పిల్లలున్నాయి, ఆహారముంది.

బ్లెయిన్‌లో దొరికిన ఆ రాక్షస కందిరీగ తెలుగు రాష్ట్రాల్లో లేదు. భారతదేశంలో అది హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటుంది. మన దగ్గర వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోల్లో తరచూ కనిపించేవి ఏడెనిమిది రకాలు. వాటిలో నిజంగా జాగ్రత్తపడాల్సినవి రెండు మూడే.

పురుగే కనిపిస్తే

గూడు లేకుండా పురుగు ఒక్కటే ఫొటోలో ఉంటే మూడు సంగతులు చూడాలి. మొదటిది, అది అసలు తేనెటీగ లేదా కందిరీగ జాతిదేనా అన్నది. పూల ముందు గాలిలో కదలకుండా నిలిచే చారల ఈగ ఒకటుంటుంది. కళ్ళు తలంతా నిండి ఉంటాయి, మీసాలు ఉన్నాయో లేవో అన్నంత పొట్టిగా ఉంటాయి, రెక్కలు ఒక్క జతే. అది ఉత్త ఈగ. దానికి ముల్లు లేదు. పక్షులను భయపెట్టడానికి తేనెటీగ వేషం వేసుకుంది. తేనెటీగకూ కందిరీగకూ పొడవైన మీసాలు, రెండు జతల రెక్కలు ఉంటాయి.

రెండోది ఒంటి మీది నూగు. తేనెటీగ ఒళ్ళు నూగుతో మసకగా ఉంటుంది, వెనక కాళ్ళు వెడల్పుగా ఉండి కొన్నిసార్లు వాటికి పుప్పొడి ముద్దలు అంటుకుని ఉంటాయి. కందిరీగ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది, కాళ్ళు సన్నగా ఉంటాయి. మూడోది నడుము. పక్కనుంచి తీసిన ఫొటోలో కందిరీగ నడుము దారంలా సన్నగా కనిపిస్తుంది. తేనెటీగకు నడుము ఉన్నట్టే ఉండదు. పైనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా దాగిపోతుంది కాబట్టి, అలాంటి ఫొటోను చూసి తీర్పు చెప్పకూడదు.

ఇక్కడే చాలామంది తుమ్మెదను చూసి హడలిపోతారు. బొటనవేలంత నల్లటి ఒళ్ళు, ఎండలో నీలంగా మెరిసే రెక్కలు, గుండెలదిరే మోత. ఎండిన కొయ్యకు, వెదురుబొంగుకు గుండ్రంగా, డ్రిల్లుతో తొలిచినట్టు రంధ్రం చేసి లోపల పిల్లల్ని పెంచుతుంది. మొహం మీదికి వచ్చి బెదిరించే తుమ్మెద సాధారణంగా మగది, దానికి ముల్లే లేదు. ఆడదానికి ఉన్నా, పట్టుకుంటే తప్ప కుట్టదు. చూడ్డానికి భయంకరం, ప్రమాదంలో చివరి వరుస. పురుగు పరిమాణాన్ని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మైనం, కాగితం, మట్టి

గూడు ఫొటోలో ముందు దేనితో కట్టారో చూడాలి. తేనెటీగలు తమ ఒంట్లోంచి వచ్చే మైనంతో కడతాయి. పట్టు నిలువుగా వేలాడుతుంది, అరలు రెండు పక్కలా ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా, పాతబడేకొద్దీ గోధుమరంగులోకి మారుతుంది. సంఘంగా బతికే కందిరీగలు ఎండుకొయ్యను గోకి, ఉమ్మితో నమిలి కాగితం తయారుచేస్తాయి. అందుకే వాటి గూడు బూడిదరంగులోనో మట్టిరంగులోనో పలచటి అట్టలా ఉంటుంది. అరలు సాధారణంగా కిందికి చూస్తుంటాయి. వాటిలో తేనె ఉండదు. ఒంటరి కందిరీగలు మట్టితో కడతాయి.

మట్టి గూళ్ళ సంగతి త్వరగా తేల్చేయవచ్చు. గోడ మూల, తలుపు చట్రం వెనక, పుస్తకాల అల్మారాలో వేలెడంత మట్టి గొట్టాలు పక్కపక్కనే అంటించి ఉంటే, లేదా బుల్లి కుండలాంటి మట్టి గూడు కనిపిస్తే, అది ఒంటరి ఆడ కందిరీగ పని. సాలీళ్ళనో గొంగళిపురుగులనో కుట్టి స్పృహ తప్పించి లోపల పెట్టి, గుడ్డు పెట్టి, మూత వేసి వెళ్ళిపోతుంది. కాపలా ఉండదు, సైన్యం ఉండదు. పసుపు కాళ్ళు, పుల్లలాంటి నడుముతో తిరిగే ఆ కందిరీగ మనుషుల జోలికి రాదు. మూత తెరుచుకుని రంధ్రం కనిపిస్తే పిల్ల ఎగిరిపోయినట్టే. గీకేసుకోవచ్చు.

గోడ పగులులోంచి, పాత ఎలక్ట్రిక్ మీటరు డబ్బాలోంచి నల్లటి మైనపు గొట్టం ఒకటి బయటికి పొడుచుకు వచ్చి, దాని మూతి దగ్గర బియ్యపుగింజ కంటే చిన్న నల్లటి ఈగలు ఉంటే అవి ముల్లు లేని తేనెటీగలు. కుట్టడమే చేతకాదు. మరీ విసిగిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే.

తేనెటీగల్లో మూడు ఇళ్ళు

కుట్టే తేనెటీగల్లో మన దగ్గర సహజంగా ఉండేవి మూడు రకాలు. వాటిని గూడుతోనే విడదీయవచ్చు.

చిన్న తేనెటీగలు కంచెలోనో, నిమ్మచెట్టులోనో, బాల్కనీ తీగలోనో ఒక సన్నటి కొమ్మను చుట్టి అరచేయంత పట్టు పెడతాయి. పట్టు ఒక్కటే, ఆరుబయటే. ఈగ పొట్ట మొదట్లో ఎర్రగా, తర్వాత నలుపు తెలుపు చారలతో ఉంటుంది. కొమ్మను కదిపితే కుట్టవచ్చు గాని, వెంటాడి ప్రాణం మీదికి తెచ్చేంత బలం వాటికి లేదు.

పుట్ట తేనెటీగలు చెట్టు తొర్రలో, పుట్టలో, గోడ సందులో, వాడని పెట్టెలో చీకట్లో ఉంటాయి. పట్లు అనేకం, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా. బయటినుంచి తీసిన ఫొటోలో గూడు కనిపించదు. ఒక రంధ్రం, రాకపోకలు సాగించే ఈగలు మాత్రమే కనిపిస్తాయి. పెట్టెల్లో పెంచుకునే దేశవాళీ ఈగ ఇదే. రంధ్రానికి ఎదురుగా నిలబడి దారికి అడ్డం పడకపోతే సాధారణంగా శాంతంగా ఉంటాయి.

మూడోది కొండ తేనెటీగ. ముప్పావు అంగుళం పొడవు ఉంటుంది. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ చరియల మీదికి దిగి తేనె తీసేది వీటి పట్ల నుంచే. నగరాల్లో కొండలకు బదులు నీళ్ళ ట్యాంకులు, వంతెనలు, ఎత్తయిన భవనాల సన్‌షేడ్లు వీటికి ఇళ్ళయ్యాయి. పట్టు ఒక్కటే, ఆరుబయటే వేలాడుతుంది, ఒక్కోసారి మీటరుకు పైగా వెడల్పు. ఒక పట్టు మీద వేలాది, కొన్నిసార్లు యాభై వేలకు మించి ఈగలుంటాయి. ఒకచోట ఒకటి పెడితే పక్కనే మరో పది పెట్టడం వాటి అలవాటు. బెంగళూరు దగ్గర రామగోవిందపురంలో ఒకే మర్రిచెట్టుకు వందల పట్లు వేలాడటం ప్రసిద్ధం.

ఫొటోలో దీన్ని గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు ఏమిటంటే, పట్టు కనిపించకపోవడం. ఈగలు ఒకదాని మీద ఒకటి పొరలుగా తెరకట్టి మైనాన్ని పూర్తిగా కప్పేస్తాయి. కాబట్టి ఫొటోలో అరలు ఉండవు. పైన కాంక్రీటుకు అంటుకున్న నల్లటి అర్ధచంద్రాకారం ఒకటి ఉంటుంది. కందిరీగల గూడైతే ఇందుకు భిన్నంగా, అరలు స్పష్టంగా కనిపిస్తూ వాటి మీద లెక్కపెట్టగలిగినన్ని పురుగులే ఉంటాయి.

మన ప్రాంతంలో ఎక్కువ జాగ్రత్త ఈ నల్లటి అర్ధచంద్రం విషయంలోనే అవసరం. గూడు ఆరుబయట ఉండటంతో దాన్ని కాపాడుకునే మార్గం వాటికి దాడి ఒక్కటే. ఒక ఈగ కుట్టగానే ముల్లు మన చర్మంలో ఉండిపోతుంది, దాంతోపాటే అరటిపండు వాసన వచ్చే రసాయనం ఒకటి గాలిలోకి విడుదలవుతుంది. మిగతా ఈగలకు అది పిలుపు. ఒకటి కుట్టిన చోటే పది కుడతాయి. వందల మీటర్ల దూరం వెంటాడతాయి.

కందిరీగల్లో ఇద్దరు

చూరు కింద, కిటికీ రెక్క వెనక, గేటు పైపులో సన్నటి కాడకు వేలాడే కాగితం గూడు, కిందినుంచి చూస్తే తెరిచి ఉన్న అరలు, వాటి మీద పది ఇరవై సన్నటి పురుగులు. ఇది మనం మామూలుగా కందిరీగల తుట్టె అని పిలిచేది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు పరిశోధించింది ఇలాంటి ఒక జాతినే. ఈ గూళ్ళు చిన్నవి, కుటుంబాలూ చిన్నవి. తుట్టెను తాకితేనో, కిటికీ ధడేలున తెరిస్తేనో నాలుగైదు కుడతాయి. ముల్లు చర్మంలో ఉండిపోదు కాబట్టి ఒకే కందిరీగ పలుమార్లు కుట్టగలదు.

ఈ తెరిచిన తుట్టె ఫొటోలో పురుగుల రెక్కలను గమనించాలి. రెక్కలు ఒంటికి ఆనించి మడుచుకుని ఉంటే అవి తమ పనిలో ఉన్నాయి. రెక్కలు పైకెత్తి, తలలన్నీ కెమెరా వైపు తిప్పి నిలబడితే, ఫొటో తీస్తున్న మనిషిని అవి గమనించాయి. దగ్గరగా వెళ్ళారన్నమాట. వెనక్కి తగ్గాలి.

రెండో రకం హార్నెట్, అంటే పెద్ద కందిరీగ. మన దగ్గర ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి నల్లగా, పొట్ట పైభాగాన ఒకే ఒక వెడల్పాటి పసుపు పట్టీతో ఉంటుంది. ఇంకొకటి ఇటుకరంగులో, పసుపు ముఖంతో, పొట్ట మధ్య భాగాన పసుపు పట్టీతో. రెండూ అంగుళం అటూ ఇటూగా ఉంటాయి. మాంసం కొట్టు దగ్గర, చెరకురసం బండి దగ్గర, మగ్గిన పళ్ళ మీద వాలేది తరచూ ఇటుకరంగుదే. ఇవి అంతస్తులు అంతస్తులుగా అరలు కట్టి, చుట్టూ కాగితపు తొడుగు వేసుకుంటాయి. ఎక్కువగా భూమిలోని బొరియలో, చెట్టు తొర్రలో, గోడ లోపల దాక్కుని ఉంటాయి కాబట్టి ఫొటోలో మీకు దొరికేది ఒక రంధ్రం, అందులోంచి బాణంలా వచ్చిపోయే పెద్ద పురుగులు మాత్రమే. పొలంలో బొరియ మీద కాలు వేయడం, ట్రాక్టరు పోనివ్వడం, పాత గోడ కొట్టడం, ఇలాంటి సందర్భాల్లోనే ప్రమాదం జరుగుతుంది. ఒక్కో కుట్టుకు ఎక్కే విషం ఎక్కువ, పైగా పదేపదే కుడతాయి. కాబట్టి నేలలోని రంధ్రం దగ్గర అంగుళం పురుగులు వరసగా వచ్చిపోతుంటే, గూడు కనిపించకపోయినా దాన్ని కొండ తేనెటీగలంత జాగ్రత్తతో చూడాలి.

అమెరికాలో ఉండే తెలుగువారికి కనిపించేవి వేరు. చెట్టుకొమ్మకు ఫుట్‌బాల్ కన్నా పెద్దగా, బూడిదరంగు కాగితపు బుట్ట, కింద ఒకే రంధ్రం ఉంటే, అది నలుపు తెలుపు ముఖం కందిరీగది. పచ్చిక మధ్య నేల రంధ్రంలోంచి పసుపు చారల కందిరీగలు వస్తుంటే అవి ఎల్లోజాకెట్లు. ఆ నేల రంధ్రం మీద గడ్డికోత యంత్రం నడపడం అక్కడ సాధారణంగా జరిగే పొరపాటు.

ఒక ఫొటోను చదివి చూద్దాం

ఒక అపార్ట్‌మెంటు గ్రూపులోకి ఇలాంటి ఫొటో వచ్చిందనుకుందాం. అయిదో అంతస్తు సన్‌షేడ్ కింద నల్లటి ముద్ద. ఒకరు కందిరీగలంటారు, ఒకరు తేనెపట్టంటారు, మరొకరు మందు కొట్టించమంటారు.

పెద్దది చేసి చూస్తే అరలు కనిపించవు, ముద్ద పైభాగమంతా ఈగలే. అంటే కాగితపు తుట్టె కాదు. చుట్టూ నున్నటి తొడుగు లేదు, ఒకే రంధ్రం లేదు, కాబట్టి హార్నెట్ గూడు కాదు. వెడల్పు ఎంతో తెలియాలి. పక్కనున్న కిటికీ కొలత. కిటికీ నాలుగడుగులుంటే ముద్ద అందులో సగం, అంటే రెండడుగులు. చిన్న తేనెటీగ పట్టు అంత ఉండదు. పుట్ట తేనెటీగ ఆరుబయట కాపురం పెట్టదు. మిగిలింది కొండ తేనెటీగ.

కాని ఇంకో ప్రశ్న ఉంది. అది స్థిరపడిన పట్టా, దారిన పోతూ విశ్రాంతికి ఆగిన గుంపా? కొండ తేనెటీగలు పూత ఎక్కడుంటే అక్కడికి వలస వెళ్ళే జీవులు. మధ్యలో గంటలు, ఒక్కోసారి రోజుల పాటు గుంపుగా వేలాడి విశ్రమిస్తాయి. అప్పుడు వాటి దగ్గర పిల్లలూ తేనే ఉండవు కాబట్టి కోపం తక్కువ. ఒక్క ఫొటో ఈ రెండింటినీ విడదీయలేదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ పైకి కనిపించేది ఈగల తెరే. దీనికి మార్గం, అదే చోటు నుంచి రోజుకొక ఫొటో తీయడం. ఆకారం పూటపూటకూ మారుతూ ఉంటే గుంపు. అంచులు గట్టిగా అర్ధచంద్రంలా నిలిచి, ఒక పక్క పైమూల లావెక్కుతూ ఉంటే అక్కడ తేనె నిల్వ పడుతోంది, పట్టు స్థిరపడింది.

పది సెకన్ల వీడియో ఇంకో సంగతి చెబుతుంది. పట్టు మీద ఉన్నట్టుండి ఒక అల పాకినట్టు మెరుపు కదిలితే, ఈగలు వరసగా పొట్టలు పైకెత్తుతున్నాయన్నమాట. హార్నెట్లను బెదరగొట్టడానికి అవి చేసే పని ఇది. నేపాల్‌లో గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం ఈ అలలను చిత్రీకరించి, వాటిని చూసి హార్నెట్లు దూరం జరుగుతాయని 2008లో ప్రచురించింది. అలలు ఆగకుండా వస్తున్నాయంటే ఏదో శత్రువు చుట్టుపక్కల ఉంది, పట్టు అప్రమత్తంగా ఉంది. ఆ సమయంలో కింద నిలబడకూడదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. ఆ పట్టు ఎవరికి ఎంత దగ్గర? అయిదో అంతస్తు బాల్కనీ దానికి నాలుగడుగుల దూరంలో ఉంటే, ఆ ఇంట్లో చిన్నపిల్లలో, తేనెటీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవారో ఉంటే, అది తీయించాల్సిన పట్టు. ఎవరూ వెళ్ళని వెనకగోడ మీద, నీళ్ళ ట్యాంకు అడుగున ఉంటే ఆగవచ్చు. పూత తగ్గగానే, చాలాసార్లు కొన్ని నెలల్లోనే, పట్టు వదిలి వాటంతటవే వెళ్ళిపోతాయి. అప్పుడు మిగిలిన ఖాళీ మైనాన్ని గీకించి ఆ చోటు శుభ్రం చేయిస్తే మళ్ళీ అక్కడే దిగే అవకాశం తగ్గుతుంది. ఆగిన రోజుల్లో ఆ వైపు కిటికీలకు రాత్రిళ్ళు తెరలు వేయాలి. వెలుతురుకు ఈగలు ఇళ్ళలోకి వచ్చి పడతాయి, చీకట్లో కాళ్ళకింద పడి కుడతాయి.

వాటిని రెచ్చగొట్టేవి కూడా ఫొటోలోనే వెతకాలి. పట్టు కింద చెత్త తగలబెట్టే చోటు ఉందా? పక్కన పెళ్ళిపందిరి, టపాసులు కాల్చే స్థలం ఉన్నాయా? తేనెటీగల దాడి వార్తలు చదివితే పొగ, టపాసులు, రాళ్ళు విసరడం మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. డ్రోను కూడా వాటి దృష్టిలో శత్రువే. పట్టు ఫొటో కోసం డ్రోను ఎగరేయడం ఎంత మాత్రం పనికిరాదు. అలాగే ఇంట్లో ఉన్న దోమల మందు కొట్టడం, కిరోసిన్ గుడ్డతో కాల్చడం. వేల ఈగల్లో వందో రెండొందలో చస్తాయి, మిగతావి కింద నడిచే ఏ సంబంధం లేని మనిషి మీద పడతాయి.

ఫొటో ఎలా తీయాలి

మూసిన కిటికీ అద్దం వెనకనుంచో, దూరంగా నిలబడి జూమ్ చేసో తీయాలి. ఫ్లాష్ వద్దు. మూడు ఫొటోలు చాలు. ఒకటి గూడు, దాని చుట్టుపక్కల గోడ, కిటికీ, చెట్టు అంతా కనిపించేలా. రెండోది గూడు మాత్రమే నిండుగా. మూడోది పక్కనుంచి, అది దేనికి ఎలా అంటుకుందో తెలిసేలా. నేల రంధ్రమైతే దగ్గరికి వెళ్ళకుండా, దూరంనుంచే అర నిమిషం వీడియో తీస్తే వచ్చిపోయే పురుగుల పరిమాణం, సంఖ్య తెలుస్తాయి. పురుగు చచ్చి దొరికితే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయాలి. దాన్ని చేత్తో పట్టుకోకూడదు, చచ్చిన ఈగ ముల్లు కూడా గుచ్చుకుంటుంది.

కుట్టాక

పట్టు లేచి గుంపు మీద పడితే నిలబడి చేతులు ఊపకూడదు. ముఖం కప్పుకుని పరుగెత్తి తలుపులున్న గదిలోకో, కారులోకో వెళ్ళి మూసుకోవాలి. చెరువులోనో తొట్టెలోనో మునగడం సినిమాల్లో పనిచేస్తుంది. నిజంగా అయితే అవి పైనే తిరుగుతూ, తల ఎత్తగానే కుడతాయి.

లోపలికి వెళ్ళగానే ముళ్ళు తీయాలి. గీకాలా, గోళ్ళతో పట్టి లాగాలా అన్న చర్చకు 1996లోనే ఒక పరిశోధన జవాబిచ్చింది. పద్ధతి ఏదైనా ఒకటే, ఆలస్యమే చెడ్డది. ముల్లుకు అంటిన సంచి ఈగ వెళ్ళిపోయాక కూడా విషం పంపుతూనే ఉంటుంది, చాలా భాగం మొదటి అర నిమిషంలోనే లోపలికి వెళ్తుంది. సున్నమో పసుపో వెతుకుతూ కూర్చుంటే ఆ సమయం దాటిపోతుంది. తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేయాలి. కుట్టిన చోటే వాపు, మంట ఉంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండు. మొదటిది అలర్జీ. దీనికి ఒక్క కుట్టు చాలు, అది ఏ ఈగదైనా సరే. కుట్టని చోట్ల కూడా దద్దుర్లు, పెదాలూ నాలుకా వాచడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, వాంతులు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. దీనికి మందు అడ్రినలిన్ ఇంజక్షన్. ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర దానికి సాటిరాదు. రెండోది విషం మోతాదు. పదుల కుట్లు పడితే, పిల్లలకైతే అంతకంటే తక్కువకే, మనిషి బాగానే కనిపిస్తున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విషం కండరాలను, ఎర్రరక్తకణాలను దెబ్బతీసి మూత్రపిండాల మీద భారం వేస్తుంది. ఆ లక్షణాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడవచ్చు. మూత్రం తగ్గడం, ముదురు గోధుమరంగులో రావడం దాని గుర్తులు. పాముకాటుకు ఉన్నట్టు ఈ విషానికి విరుగుడు ఇంజక్షన్ మన ఆసుపత్రుల్లో లేదు. సమయానికి సెలైన్, అవసరమైతే డయాలిసిస్ చేసి కాపాడతారు.

తీయించాల్సిన పట్టు అయితే రక్షణ దుస్తులు ఉండి, ఈగలను చంపకుండా తరలించడం తెలిసినవారినే పిలవండి. వాళ్ళకు పైన చెప్పిన మూడు ఫొటోలూ ముందే పంపండి. ఎన్ని పట్లున్నాయి, ఎంత ఎత్తులో ఉన్నాయి, కింద జనం రాకపోకలు ఎప్పుడుంటాయన్న వివరాలు కూడా చెప్పండి. వాళ్ళు పని చేసే సమయంలో ఆ వైపు ఇళ్ళ కిటికీలన్నీ మూయించే బాధ్యత మీరు తీసుకోండి.